సార్, మార్కులు తగ్గాయి... సీటొచ్చింది

“మొదటిసారి కంటే 28 మార్కులు తక్కువొచ్చాయి సార్. అయినా సీటొచ్చింది. ఇదెలా కుదిరిందో మా నాన్నకు అర్థమయ్యేలా చెప్పడానికి చాలా తిప్పలు పడ్డాను.”

విజయవాడలో బైపీసీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పే ఒక లెక్చరర్‌కు, 2025 మెడికల్ కౌన్సెలింగ్ ముగిశాక వచ్చిన ఉత్తరం ఇలా మొదలవుతుంది. రాసిన అమ్మాయి ఆయన దగ్గర ఇంటర్ సెకండియర్‌లో చదివింది, మళ్లీ లాంగ్‌టర్మ్‌లో ఆయన దగ్గరే కూర్చుంది. 2024లో ఒకసారి, 2025లో ఒకసారి నీట్ రాసింది. రెండోసారి కన్వీనర్ కోటాలో ప్రభుత్వ వైద్య కళాశాలలో చేరింది. పేర్లు మాత్రం వద్దని ఇద్దరూ అన్నారు.

పరీక్ష గెలిచిన పిల్లలు గురువులకు రాసే ఉత్తరాల్లో మామూలుగా దేవుళ్లు, దీపాలు, నిచ్చెనలు ఉంటాయి. ఈ ఉత్తరంలో ఎక్కువగా ఉన్నవి లెక్కలు. ఏ తప్పు ఎందుకు చేసిందో, దాన్ని సార్ ఎలా పట్టుకున్నారో, ఆయన మాట ఎక్కడ విన్నదో, ఎక్కడ విననిదో రాసింది. కోచింగ్ అనే పదం వెనుక నిజంగా ఏం జరుగుతుందో చూడాలనుకునేవారికి ఇంతకంటే మంచి కాగితం దొరకదు.

ముందు ఆ 28 మార్కుల సంగతి. 2024లో ఆమెకు చివరికి తేలిన మార్కులు 546, ర్యాంకు లక్షన్నర దరిదాపుల్లో. 2025లో 518, ర్యాంకు ముప్పై వేల పైచిలుకు. 2024 పేపరు తేలిక, మార్కులు వరదలా వచ్చాయి. ఆ ఏడాది 600 తెచ్చుకున్నవారి ముందు కూడా దాదాపు 80 వేల మంది ఉన్నారు. మరుసటి ఏడాది ఫిజిక్స్ పేపరు పిల్లల్ని ఏడిపించింది. దేశం మొత్తంలో అత్యధిక మార్కు 686 దగ్గర ఆగిపోయింది, 600 దాటినవారు పదమూడు వందల పైచిలుకు మందే. అందుకే లాంగ్‌టర్మ్ పిల్లవాడిని “పోయినసారి ఎన్ని, ఈసారి ఎన్ని?” అని అడగడం కంటే ర్యాంకు అడగడం మేలు. ఈ సంగతి తెలియక ఫలితాల రోజున ఎన్ని ఇళ్లలో అనవసరంగా పొయ్యి వెలగలేదో!

అసలు కథ 2024 మే నెలాఖరులో మొదలైంది. పరీక్ష నిర్వహించే ఎన్‌టీఏ ఫలితాలకు ముందే ప్రతి అభ్యర్థి ఓఎంఆర్ షీటు బొమ్మను, ప్రాథమిక కీని వెబ్‌సైట్‌లో పెడుతుంది. ప్రశ్నపత్రం ఎలాగూ పిల్లలు ఇంటికి తెచ్చుకుంటారు. చాలామంది ఆ మూడింటినీ పక్కపక్కన పెట్టుకుని మార్కులు కూడుకుని, లబోదిబోమనో హమ్మయ్య అనో అంటారు, అక్కడితో వాటి పని అయిపోతుంది. ఆ అమ్మాయి కూడా కూడుకుంది. 551 వచ్చింది. ఆ మార్కులకు సీటు రాదని అప్పటికే ఊరంతా అంటోంది.

జూన్ 4న, అంటే రాష్ట్రమంతా ఎన్నికల ఓట్ల లెక్కింపులో మునిగి ఉన్న రోజున, చెప్పిన తేదీకి పది రోజుల ముందే నీట్ ఫలితాలు వచ్చాయి. అదే 551. ఆ వారంలోనే ఆమె లాంగ్‌టర్మ్‌లో చేరడానికి వచ్చింది. అప్పటి మాటలను ఉత్తరంలో ఉన్నదున్నట్టు రాసింది. “ఎన్నొచ్చాయని మీరు అడగలేదు. ‘ఓఎంఆర్ ప్రింటు తెచ్చావా అమ్మా?’ అన్నారు. తేలేదన్నాను. ‘అయితే వెళ్లి తీసుకురా, అప్పుడు మాట్లాడదాం’ అన్నారు. ఆ రోజు మీ మీద చాలా కోపమొచ్చింది.”

ప్రింటు తెచ్చాక ఆయన చేసింది ఒక్కటే. ఫిజిక్స్‌లో తప్పు పెట్టిన 13 ప్రశ్నలనూ ఆమె చేతే మళ్లీ చేయించారు. టైము చూడలేదు, కీ చూపించలేదు. ఒక్కో ప్రశ్న అయ్యాక, పరీక్ష హాల్లో ఈ గడి ఎందుకు నింపావో చెప్పమన్నారు. ప్రశ్నపత్రం అంచుల్లో చేసిన రఫ్ వర్క్ ఇందుకు సాక్ష్యంగా పనికొచ్చింది. అది చూస్తే చెయ్యి ఎక్కడ దారి తప్పిందో తెలిసిపోతుంది. చివరికి ఆ 13 మూడు కుప్పలయ్యాయి. అసలు పాఠమే తెలియనివి 3. పద్ధతి సరిగ్గానే ఉండి, సెంటీమీటర్లను మీటర్లలోకి మార్చకపోవడం, పదుల ఘాతం ఒకటి జారవిడవడం లాంటివి 4. మిగిలిన 6 తనకు బాగా వచ్చనుకుని, రెండో ఆలోచన లేకుండా నింపినవి.

చాలామంది మొదటి కుప్పను చూసి మళ్లీ మొదటి పాఠం నుంచి చదవడం మొదలుపెడతారు. ఈ లెక్చరర్‌కు మాత్రం అసలు జబ్బు మూడో కుప్పలో కనిపించింది.

దాన్ని ఆయన ఎలా చూపించారో ఉత్తరంలో ఒక లెక్కతో ఉంది. హాస్టల్‌లో వారాంతపు పరీక్షలో వచ్చిన ప్రశ్న. ఒక తీగ నిరోధం R. దాన్ని సాగదీసి పొడవు రెట్టింపు చేస్తే కొత్త నిరోధం ఎంత? ఇచ్చిన నాలుగు జవాబులు R/2, R, 2R, 4R. ఆమె అర నిమిషం కూడా పట్టకుండా 2R గడి నింపింది. పొడవు రెట్టింపైతే నిరోధం రెట్టింపవుతుందని పదో తరగతిలోనే చదువుకున్నాం కదా! సార్ ఆమెను బోర్డు దగ్గరకు పిలిచి, ఒక రబ్బరు బ్యాండు చేతికిచ్చి సాగదీయమన్నారు. అది పొడుగవుతూనే సన్నబడింది. తీగ కూడా అంతే. లోహం కొత్తగా పుట్టుకురాదు కాబట్టి పొడవు రెండింతలైతే అడ్డుకోత వైశాల్యం సగమవుతుంది. పొడవు వల్ల రెండింతలు, సన్నబడటం వల్ల మరో రెండింతలు, మొత్తం 4R.

లెక్క అక్కడితో ముగిసింది, సార్ మాత్రం వదల్లేదు. “ఆ 2R అక్కడికి ఎలా వచ్చిందమ్మా?” అన్నారు. పేపరు తయారుచేసేవాళ్లు తప్పు జవాబులను గాల్లోంచి తీసుకురారు. పిల్లలు ఏ మెట్టు దగ్గర జారతారో ఊహించి, జారినవాడికి వచ్చే జవాబును అక్కడ సిద్ధంగా పెడతారు. వైశాల్యం మరిచిపోయినవాడికి 2R ఎదురవుతుంది. తన జవాబు నాలుగింటిలో కనిపించగానే వాడికి ధైర్యం వస్తుంది, గడి నింపేస్తాడు.

ఇక్కడ నెగటివ్ మార్కుల గురించి ఒక మాట చెప్పుకోవాలి. నీట్‌లో సరైన జవాబుకు 4 మార్కులు, తప్పుకు ఒకటి కోత. ఏమీ తెలియకుండా గుడ్డిగా పెడితే మునిగిపోతామని చాలామంది భయం. లెక్క వేసి చూస్తే అలా లేదు. నాలుగు ప్రశ్నలకు కళ్లు మూసుకుని పెడితే సగటున ఒకటి తగులుతుంది, మూడు పోతాయి. నాలుగు మార్కులు వచ్చి మూడు పోగా ఒకటి మిగులుతుంది. అంటే గుడ్డి జవాబు సగటున నష్టం కాదు, లాభం కూడా చెప్పుకోదగ్గది కాదు. సగం తెలిసిన జవాబు దీనికంటే చెడ్డది. గుడ్డివాడికి నాలుగింట ఒక అవకాశమైనా ఉంది. వైశాల్యం మరిచిపోయినవాడు ప్రతిసారీ 2R దగ్గరికే వెళతాడు, వాడికి ఆ ఒక్క అవకాశం కూడా లేదు. పైగా తప్పు పెట్టిన ప్రశ్నకు పోయేది ఒక్క మార్కు కాదు. రావాల్సిన 4 రాకపోగా ఉన్న 1 పోయింది, మొత్తం తేడా 5.

తెలుగు రాష్ట్రాల్లో ఈ పాఠం ఒంటబట్టడానికి సమయం పట్టిందంటే కారణముంది. 2016 వరకు ఇక్కడి పిల్లలు మెడికల్ సీటు కోసం రాసింది ఎంసెట్. అందులో 160 ప్రశ్నలు, నెగటివ్ మార్కులు లేవు. “ఒక్క గడి కూడా ఖాళీ వదలొద్దు” అన్నది అప్పట్లో ప్రతి మాస్టారూ చెప్పిన మాట. అప్పటికి అది సరైనదే. నీట్ వచ్చాక పరీక్ష మారింది కానీ ఆ మాట అన్నయ్యల నుంచి తమ్ముళ్లకు, సీనియర్ల నుంచి జూనియర్లకు అలాగే అందుతూ వచ్చింది. పైగా బైపీసీ పిల్లలు పదో తరగతి తర్వాత గణితం వదిలేస్తారు, ఫిజిక్స్ పేపరేమో అడుగడుగునా గణితమే అడుగుతుంది. రానిచోట వేగంగా పెట్టేయడం వాళ్లకు అలవాటవడంలో వింత లేదు.

మందు ఏమిటంటే, ఒక పొడుగు నోట్‌బుక్. పిల్లలు దాన్ని తప్పుల నోటు అంటారు. చాలా కాలేజీల్లో ఇది రాయిస్తారు, చాలావరకు అది వృథా శ్రమే. ఎందుకంటే అందులో ప్రశ్న, దాని కింద సరైన జవాబు ఎక్కించి మూసేస్తారు. ఈ సార్ ప్రశ్న ఎక్కించనివ్వలేదు. పేపరు నంబరు, ప్రశ్న నంబరు చాలు. ఆ తర్వాత ఒకే వాక్యం రాయాలి, తాను ఏమనుకుని ఆ గడి నింపిందో. తీగ లెక్క దగ్గర ఆమె రాసుకున్న వాక్యం “సాగదీస్తే సన్నబడుతుందని అనుకోలేదు” అని. ఆ నోటు చదువుతూ పోతే కొన్నాళ్లకు ఒకే రకం వాక్యాలు మళ్లీ మళ్లీ ఎదురవుతాయి. ఆమె విషయంలో అది ‘ఒకటి మారితే మిగతావి మారవనుకున్నాను’ అనే రకం. కెపాసిటర్ పలకల మధ్య దూరం పెంచే లెక్కలోనూ, వాయువును వ్యాకోచింపజేసే లెక్కలోనూ, తీగ లెక్కలోనూ అదే పొరపాటు. మూడు వేర్వేరు పాఠాలు, ఒకే జబ్బు. పాఠాల వారీగా చదివితే ఇది ఎప్పటికీ బయటపడదు.

జులైలో ఒక ఎదురుదెబ్బ తగిలింది. 2024 పేపరులో పరమాణువుల స్థిరత్వం మీద వచ్చిన ఒక ఫిజిక్స్ ప్రశ్నకు మొదట రెండు జవాబులనూ ఒప్పుకున్నారు. ఎన్‌సీఈఆర్‌టీ పాత పుస్తకంలో ఒక విధంగా, కొత్త పుస్తకంలో మరో విధంగా ఉండటమే దానికి కారణం. కేసు సుప్రీంకోర్టులో ఉండగా న్యాయమూర్తులు ఐఐటీ ఢిల్లీ నిపుణుల అభిప్రాయం తీసుకున్నారు. వాళ్లు ఒక్కటే సరైనదని తేల్చారు. పాత పుస్తకం నమ్ముకుని రెండో జవాబు పెట్టిన నాలుగు లక్షల పైచిలుకు మందికి ఒక్కొక్కరికి 5 మార్కులు తగ్గాయి. సీనియర్ అక్క ఇచ్చిన పుస్తకంతో చదువుకున్న ఈ అమ్మాయి కూడా వాళ్లలో ఉంది. 551 కాస్తా 546 అయింది. “ఆ రోజు ఏడుస్తూ వస్తే, మీరు నోటులో కొత్త పేజీ తీసి దాన్ని వేరుగా రాయించారు. ‘ఇది నీ తప్పుల్లో కలపకు, దీనికి మందు లేదు’ అన్నారు. తర్వాత మాత్రం నా పుస్తకాలన్నీ ఏ ఏడాదివో చూశారు.” ఆ చివరి వాక్యమే ఇక్కడ ముఖ్యం. ఓదార్చడం ఎవరైనా చేస్తారు, పుస్తకం మొదటి పేజీ తిప్పి ముద్రణ సంవత్సరం చూసేవాళ్లు తక్కువ.

ఇంకో మలుపు 2025 జనవరి చివర్లో వచ్చింది. కరోనా కాలం నుంచి నీట్‌లో 200 ప్రశ్నలు ఇచ్చి 180 రాయమనేవారు. ప్రతి సబ్జెక్టు రెండో భాగంలో 15లో 10 ఎంచుకోవచ్చు, సమయం 3 గంటల 20 నిమిషాలు. ఆ వెసులుబాటు తీసేస్తున్నామని, ఇకపై 180 ప్రశ్నలూ రాయాలని, సమయం 3 గంటలేనని ఎన్‌టీఏ ప్రకటించింది. పరీక్షకు మూడు నెలల పైచిలుకు సమయమే ఉంది. హాస్టళ్లలో గగ్గోలు పుట్టింది.

పైకి చూస్తే పోయింది 20 నిమిషాలే. కానీ ఆ ఇరవై ఫిజిక్స్‌లోంచే పోతాయని ఈ లెక్చరర్‌కు తెలుసు. బయాలజీ 90 ప్రశ్నలు చదివి పెట్టేవి, వాటిలో ఇంకా కుదించడానికి ఏమీ లేదు. కెమిస్ట్రీలో కొంతే. ఆమె గ్రాండ్ టెస్టుల్లో వేసుకున్న పట్టిక ప్రకారం బయాలజీకి 50 నిమిషాలు, కెమిస్ట్రీకి 45, ఫిజిక్స్‌కు 70, చివరి 15 నిమిషాలు ఓఎంఆర్ సరిచూసుకోవడానికి. ఫిజిక్స్‌లో 45 ప్రశ్నలను 70 నిమిషాల్లో చేయాలంటే ఒక్కోదానికి నిమిషంన్నర. తప్పుల నోటు చూస్తే, నిమిషంన్నరలో చేసిన లెక్కల్లోనే ఆమె రెండో కుప్ప తప్పులు, అంటే ప్రమాణాలు మార్చకపోవడం లాంటివి, పుట్టుకొస్తున్నాయి. అందుకే ఫిబ్రవరి నుంచి ఆయన ఆమెకు వదలడం నేర్పించారు. ప్రతి పరీక్షలో ఫిజిక్స్ మొదలుపెట్టగానే ముందు చదువుతూ పోయి, పొడుగ్గా కనిపించిన పది పన్నెండింటికి పక్కన చుక్క పెట్టాలి. అవి లేవనుకుని మిగతావి చేయాలి. 33 ప్రశ్నలే మిగిలితే ఒక్కోదానికి రెండు నిమిషాలకు పైగా దొరుకుతుంది.

వినడానికి సులువే, చేయడం మహా కష్టం. బాగా చదివే పిల్లకు తెలిసిన పాఠంలోంచి వచ్చిన ప్రశ్నను వదలమంటే ప్రాణం ఒప్పుకోదు. మొదట్లో చుక్క పెట్టిన ప్రశ్న దగ్గరికే తిరిగి వెళ్లి, మూడు నాలుగు నిమిషాలు పోగొట్టుకుని, చివర్లో తేలికైనవి చదవకుండానే వదిలేసిన పరీక్షలు ఉన్నాయి. దాన్ని సార్ ఎలా కనిపెట్టారో కూడా ఉత్తరంలో రాసింది. చివరి ప్రశ్నల్లో తేలికైనవి ఖాళీగా ఉండి, మధ్యలో ఒక కష్టమైన లెక్క పక్కన రఫ్ వర్క్ అరపేజీ నిండి ఉంటే చాలు, చుక్క నియమం తప్పిందని అర్థం. మార్కులు చూడకుండా ప్రశ్నపత్రం అంచులు చూసి చెప్పేవారట.

2025 మే 4న మధ్యాహ్నం 2 గంటలకు పేపరు తెరిచాక ఏమైందో చాలామందికి తెలుసు. ఫిజిక్స్ పొడుగు చూసి బయటికొచ్చిన పిల్లలు గేటు దగ్గరే కూలబడ్డారు. ఈ అమ్మాయి 45లో 12 వదిలేసింది. 22 సరిపోయాయి, 11 తప్పాయి, వచ్చినవి 77 మార్కులు. అంతకుముందు ఏడాది ఇదే సబ్జెక్టులో వచ్చినవి 82. కాగితం మీద చూస్తే ఏడాది చదివి 5 మార్కులు పోగొట్టుకున్నట్టే ఉంటుంది. ఆ పేపరులో 77 అంటే ఏమిటో ర్యాంకు చెప్పింది.

అన్నీ సార్ చెప్పినట్టే చేయలేదు. బుర్ర తాజాగా ఉన్నప్పుడే ఫిజిక్స్ పట్టాలని, దాన్నే ముందు రాయమని ఆయన మొదట్నుంచీ అనేవారు. ఆమె చెప్పకుండానే బయాలజీ ముందు రాసింది. “హాల్లో మొదటి ఫిజిక్స్ ప్రశ్న చదవగానే చేతులు చల్లబడ్డాయి సార్. మీకు చెబితే ఒప్పుకోరని తెలుసు. బయాలజీకి వెళ్లిపోయాను. తొంభై అయ్యాక భయం తగ్గింది.” కృతజ్ఞతా పత్రంలో ఇలాంటి వాక్యం రాయడానికి ధైర్యం కావాలి. బహుశా ఈ ఉత్తరంలో గురువు మీద గౌరవం అన్నిటికంటే ఎక్కువ కనిపించేది ఇక్కడేనేమో.

ఈ పద్ధతికి హద్దులూ ఉన్నాయి. అదే గదిలో అదే నోటు రాసిన ఆమె స్నేహితురాలికి సీటు రాలేదు. ఆ పిల్ల తప్పుల్లో సగానికి పైగా మొదటి కుప్పవి, అంటే పాఠమే రానివి. వదలడం, చుక్కలు పెట్టడం, ఎందుకు పెట్టావో రాసుకోవడం లాంటివన్నీ తెలిసిన దాన్ని కాపాడుకోవడానికి పనికొస్తాయి, తెలియనిదాన్ని తెచ్చిపెట్టవు. ఆ పిల్లకు కావలసింది ఇంటర్ ఫస్టియర్ మెకానిక్స్ మొదటి నుంచీ చెప్పేవాళ్లు. వందమంది కూర్చునే లాంగ్‌టర్మ్ సెక్షన్‌లో అది అయ్యే పని కాదని ఆ లెక్చరరే ఒప్పుకున్నారు. చేరేరోజునే ఓఎంఆర్ ప్రింటు అడిగి కుప్పలు పెట్టడంలో ఆయన ఉద్దేశం కొంత అదే. మొదటి కుప్ప పెద్దదైతే, లాంగ్‌టర్మ్‌కు డబ్బు కట్టేముందు ఇంకోసారి ఆలోచించుకోమని తల్లిదండ్రులకు ముఖం మీదే చెబుతారు. దీనివల్ల కాలేజీ యాజమాన్యాలకు ఆయనంటే పెద్ద ముద్దు లేదు.

ఉత్తరం అందాక ఆయన ఫోన్ చేసి అడిగింది, బయాలజీ ముందు రాస్తే ఫిజిక్స్‌కు నిజంగా ఎన్ని నిమిషాలు మిగిలాయని. డెబ్బై పూర్తిగా దక్కాయని, చివరి పదిహేను నిమిషాలూ ఓఎంఆర్‌కే వాడుకున్నానని ఆమె చెప్పింది. కొత్త బ్యాచ్‌కు ఫిజిక్స్ ముందు రాయాలన్న నియమాన్ని ఆయన ఎత్తేశారు. మొదటి నాలుగు గ్రాండ్ టెస్టుల్లో రెండు ఫిజిక్స్‌తో, రెండు బయాలజీతో మొదలుపెట్టించి, ఎవరి తప్పులు ఏ వరుసలో తగ్గాయో చూసి ఎవరి వరుస వారికి రాసిస్తున్నారు.